నీళ్ళ వాటా మరిచిన లెక్క

అమలాపురంలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతూ నా ఉద్యోగకాలమంతా గడిచింది. అయానిక సమతాస్థితి పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద ఒకే ప్రశ్న రాసేవాణ్ణి: 10⁻⁸ మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ ఎంత? రాజోలు నుంచి బస్సులో వచ్చే పిల్లలైనా, కొత్తపేట వైపు పిల్లలైనా తడుముకోకుండా ‘ఎనిమిదండీ’ అనేవారు. ఆ ఎనిమిది చుట్టూ నాకు తెలిసివచ్చిన అయిదు సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

1. జవాబు వచ్చాక అది ఏం చెబుతోందో చదవాలి

హైడ్రోక్లోరిక్ ఆమ్లం బలమైనది, నీళ్ళలో పూర్తిగా విడిపోతుంది. కాబట్టి హైడ్రోజన్ అయాన్ల గాఢత 10⁻⁸, ఘాతం గుర్తు మార్చితే పీహెచ్ 8. సూత్రం వాడిన తీరులో తప్పేమీ కనబడదు. కానీ ఎనిమిది అంటే క్షార ద్రావణం. మామూలు నీళ్ళలో ఆమ్లం కలిపితే ఆ నీళ్ళు క్షారం ఎలా అవుతాయి?

“ఏరా అబ్బాయ్, ఇంకా పదిరెట్లు పలచన చేస్తే?” అని అడిగేవాణ్ణి.

“తొమ్మిదండీ మాస్టారూ.”

“మరో పదిరెట్లు?”

“పది...” అంటూ అక్కడ ఆగిపోయేవాడు. నీళ్ళు పోసే కొద్దీ ద్రావణం వట్టి నీళ్ళకు దగ్గరవ్వాలి. ఈ లెక్కలో అది సున్నపు తేట వైపు నడుస్తోంది. అది అసాధ్యమని పిల్లవాడికి తనంతట తనకే తట్టేది. నేను చెప్పడం కంటే అదే మేలు.

2. నీళ్ళు వట్టి పాత్ర కాదు

పెళ్ళి భోజనానికి వచ్చే చుట్టాలను లెక్కపెట్టి, ఇంటివాళ్ళను మరిచిపోయి బియ్యం పోసినట్టు ఉంటుంది ఆ ఎనిమిది లెక్క. చుట్టాలు వెయ్యిమంది ఉన్నప్పుడు ఇంట్లో పదిమందిని మరిచినా ఫరవాలేదు. వచ్చిన చుట్టం ఒక్కడే అయితే లెక్కంతా తప్పుతుంది.

స్వచ్ఛమైన నీటిలో కూడా అణువులు కొన్ని హైడ్రోజన్, హైడ్రాక్సైడ్ అయాన్లుగా విడిపోయి ఉంటాయి. సుమారు 55 కోట్ల అణువుల్లో ఒక్కటి మాత్రమే. 1894లో కోల్‌రాష్, హైడ్‌వైలర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞులు నీటిని శూన్యంలో పదే పదే స్వేదనం చేసి చూశారు. ఎంత శుభ్రం చేసినా అందులో విద్యుత్తు కాస్తంత ప్రవహిస్తూనే ఉంది. ఆ మిగిలినది నీటి సొంత అయాన్ల వల్లే.

25 డిగ్రీల దగ్గర ఆ సొంత హైడ్రోజన్ అయాన్లు లీటరుకు 10⁻⁷ మోల్. మనం వేసిన ఆమ్లం 10⁻⁸ మోల్, అంటే అందులో పదోవంతు. పదింతలున్న దాన్ని వదిలేసి పదోవంతును పట్టుకుంటే జవాబు నిలబడదు.

3. వాటాలు ఊరికే కూడితే చాలదు

ఇక్కడే తెలివైన పిల్లలు ఇంకొక చోట జారతారు. ‘నీటిది 10⁻⁷, ఆమ్లానిది 10⁻⁸, మొత్తం 1.1 × 10⁻⁷, పీహెచ్ 6.96’ అంటారు. దగ్గరికి వచ్చారు గానీ, ఆమ్లం పడ్డాక కూడా నీళ్ళు మునుపటంతే విడిపోతాయని అనుకున్నారు. బయటినుంచి హైడ్రోజన్ అయాన్లు వచ్చాయంటే అవి కొన్ని హైడ్రాక్సైడ్లతో కలిసి మళ్ళీ నీళ్ళవుతాయి. నీటి వాటా కొంత తగ్గుతుంది.

ఎంత తగ్గుతుందో తేల్చడానికి రెండు విషయాలు చాలు. మొదటిది, ద్రావణంలో ధనావేశం, రుణావేశం సమానం. కాబట్టి హైడ్రోజన్ అయాన్లు ఎన్నో, క్లోరైడ్, హైడ్రాక్సైడ్ అయాన్లు కలిపి అన్ని. రెండోది, హైడ్రోజన్, హైడ్రాక్సైడ్ గాఢతల లబ్ధం 25 డిగ్రీల దగ్గర 10⁻¹⁴ దాటదు, తగ్గదు. హైడ్రోజన్ గాఢతను h అనీ, వేసిన ఆమ్లాన్ని C అనీ అంటే:

h = C + 10⁻¹⁴/h

h² = C·h + 10⁻¹⁴

C స్థానంలో 10⁻⁸ పెట్టి ఈ వర్గ సమీకరణం సాధిస్తే h విలువ 1.051 × 10⁻⁷. పీహెచ్ 6.98. సరిచూసుకుందాం: 10⁻¹⁴ ని h తో భాగిస్తే హైడ్రాక్సైడ్లు 0.951 × 10⁻⁷. నీళ్ళు ఇచ్చిన హైడ్రోజన్లూ అన్నే. వాటికి ఆమ్లం ఇచ్చిన 0.1 × 10⁻⁷ కలిపితే 1.051 సరిగ్గా వచ్చింది.

నాకు ఈ పాఠంలో అన్నిటికంటే ఇష్టమైనది ఆ రెండో సమీకరణం. సాధించక్కర్లేదు, చూస్తే చాలు. C ఎంత చిన్నదైనా సున్నా కంటే ఎక్కువే. అంటే h² ఎప్పుడూ 10⁻¹⁴ కంటే ఎక్కువ, h ఎప్పుడూ 10⁻⁷ కంటే ఎక్కువ, పీహెచ్ ఎప్పుడూ ఏడు కంటే తక్కువ. పలచన చేసే కొద్దీ 6.98, 6.998 అంటూ ఏడును సమీపిస్తుందే తప్ప దాటదు.

ప్రతి లెక్కకూ వర్గ సమీకరణం అవసరం లేదు. 10⁻⁶ మోలార్ దగ్గర మామూలు సూత్రం 6 ఇస్తే, పూర్తి లెక్క 5.996 ఇస్తుంది. 10⁻⁷ దగ్గర మాత్రం 7 కాదు, 6.79. జాగ్రత్త పడాల్సింది అక్కడి నుంచి.

4. మీటరు ఇంకేదో చెబితే నీళ్ళను, సీసాను అడగాలి

పదోవంతు మోలార్ ఆమ్లం తీసుకుని, ఒక మిల్లీలీటరును వంద మిల్లీలీటర్ల ఫ్లాస్కులో నింపడం మూడుసార్లు చేసి, ఆఖరున పది మిల్లీలీటర్లు వందకు పెంచితే 10⁻⁸ వస్తుంది. పిల్లలు ఉత్సాహంగా చేస్తారు. బీకరులో పీహెచ్ మీటరు పెడితే 6.98 రాదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ స్వేదనజలంలో కరిగితే పీహెచ్ 5.6 చుట్టుపక్కలకు దిగుతుంది. మనం వేసిన ఆమ్లం దాని ముందు లెక్కలోకే రాదు. అయాన్లు ఇంత తక్కువైన నీళ్ళలో అంకె నిలకడగా కూడా ఉండదు, జరుగుతూ ఉంటుంది.

కొందరికి ఏడు పైన వస్తుంది. సిద్ధాంతం తప్పిందని కంగారు పడతారు. ముందు ఏ నీళ్ళు పోశారో కనుక్కోవాలి. కాలవ నీళ్ళో, బోరు నీళ్ళో అయితే వాటిలో బైకార్బనేట్ ఉంటుంది. రొయ్యల చెరువులు చేసేవాళ్ళు ‘ఆల్కలినిటీ’ అని కొలిపించుకునేది అదే. లీటరుకు 100 మిల్లీగ్రాములు ఉన్న నీళ్ళైతే, మనం వేసిన ఆమ్లానికి రెండు లక్షల రెట్ల ఆమ్లాన్ని మింగగలవు. అక్కడ పీహెచ్ ఎనిమిది వస్తే అది ఆ నీళ్ళ పీహెచ్. స్వేదనజలమే వాడినా, నాసిరకం గాజు సీసాలో చాలాకాలం నిలవ ఉంటే గాజులోంచి క్షారం దిగుతుంది. మనం రుజువు చేసింది ఆమ్లం, స్వచ్ఛమైన నీరు తప్ప మూడోది లేని ద్రావణం గురించి.

5. ఏడు అనేది 25 డిగ్రీల అంకె

వేడి పెరిగితే నీళ్ళు ఎక్కువ విడిపోతాయి. కోనసీమలో గది మామూలుగా ఉండే 30 డిగ్రీల దగ్గర తటస్థ పీహెచ్ 6.92. మన 10⁻⁸ ఆమ్లం అక్కడ 6.90 చూపాలి. అదే ద్రావణాన్ని లంబసింగి చలికాలపు ఉదయానికి తీసుకెళ్ళి 10 డిగ్రీలకు చల్లారనిస్తే లెక్క ప్రకారం 7.23 వస్తుంది. ఏడు దాటింది, అయినా అది ఆమ్లమే. ఎందుకంటే ఆ చలిలో తటస్థ బిందువు 7.27. హైడ్రోజన్ అయాన్లు హైడ్రాక్సైడ్ల కంటే ఇంకా ఎక్కువగానే ఉన్నాయి. అందుకే పరీక్షలో ‘ఆమ్లం పీహెచ్ ఏడు దాటదు’ అని రాసే పిల్లవాడి చేత ముందు ‘25 డిగ్రీల సెల్సియస్ దగ్గర’ అని రాయించేవాణ్ణి.