ఎస్ఓఎస్ బటన్: ఇంట్లోవాళ్లు హడలిపోకుండా పరీక్షించుకోండి

హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి నర్సు ఉందనుకుందాం. డ్యూటీ దిగేసరికి రాత్రి 9 దాటుతుంది. అక్కణ్నుంచి ఆటోలో హాస్టల్‌కి వెళ్లాలి. అమ్మ ఊళ్లో, అన్నయ్య విజయవాడలో. చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్. ఆపద వస్తే స్క్రీన్ తెరిచి పేరు వెతుక్కునే వ్యవధి ఉండదు కాబట్టి, పవర్ బటన్‌ను గబగబా 5 సార్లు నొక్కితే చాలన్న ఏర్పాటు ఫోన్లలో ఉంది. కొన్ని ఫోన్లలో 3 సార్లే. మీ ఫోన్‌లో ఎన్నిసార్లో Settings → Safety & emergency → Emergency SOS లో రాసి ఉంటుంది. కంపెనీని బట్టి పేర్లు కాస్త మారతాయి. Settings పైన ఉండే వెతుకుడు గడిలో SOS అని కొడితే దొరుకుతుంది.

ముందుగా ఎవరికి కబురు వెళ్లాలో తేల్చుకోవాలి. అమ్మ, అన్నయ్య అని రాసేసి ఊరుకుంటే చాలదు. 112కి చేసే ఫోన్ ఎక్కణ్నుంచి చేస్తే ఆ రాష్ట్రపు కంట్రోల్ రూమ్‌కే వెళుతుంది. విజయవాడలో ఉన్న అన్నయ్య కంగారుగా 112 కొడితే ఎత్తేది ఆంధ్రప్రదేశ్ వాళ్లు, చెల్లెలున్నది తెలంగాణలో. అందుకే హైదరాబాద్‌లోనే ఉండే ఒక మనిషి, హాస్టల్ స్నేహితురాలో బాబాయో, జాబితాలో తప్పకుండా ఉండాలి. అమ్మది చిన్న ఫోనైతే లొకేషన్ లింకు ఆమెకు తెరుచుకోదు. ఆమెకు కబురు అన్నయ్య చెప్పడమే మేలు.

Emergency SOS పేజీలోనే ఏ నంబరుకు ఫోన్ వెళ్లాలో కూడా ఉంటుంది. చాలామంది అక్కడ 112 తీసేసి ఇంటివాళ్ల నంబరు పెడతారు. నన్నడిగితే వద్దంటాను. అత్యవసర నంబరు కానిది పెడితే, కొన్ని ఫోన్లలో లాక్ తీసి ఉంటేనే ఎస్ఓఎస్ పనిచేస్తుంది. సంచిలో చెయ్యి పెట్టి నొక్కేటప్పుడు లాక్ ఎవరు తీస్తారు? ఫోన్ 112కి వెళ్లనివ్వండి, లొకేషన్ ఇంటివాళ్లకు వెళ్లనివ్వండి.

ఇక పరీక్ష. జాబితాలో ఉన్న ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, "ఈ సాయంత్రం 6 గంటలకు నా నుంచి ఎస్ఓఎస్ మెసేజ్ వస్తుంది, కంగారు పడకు, అందగానే చెప్పు" అని నోటితో చెప్పండి. వాట్సాప్‌లో పెడితే చూసుకోకపోవచ్చు. ముందే ఫోన్‌లో చెప్పకుండా వచ్చిన ఏ ఎస్ఓఎస్ అయినా నిజమేనని కూడా ఇప్పుడే ఒప్పందం చేసుకోండి. లేకపోతే రేపు అసలు మెసేజ్ వచ్చినప్పుడు "మళ్లీ టెస్టేమోలే" అనుకుంటారు.

తర్వాత సెట్టింగ్‌లో 112కి ఫోన్ వెళ్లే భాగాన్ని ఆపేసి, లొకేషన్ పంపే భాగాన్ని మాత్రం ఉంచి, చెప్పిన సమయానికి బటన్ నొక్కండి. విడిగా ఆపే వీలు లేకపోతే బటన్ నొక్కకండి. పిక్సెల్, శామ్‌సంగ్ వంటి ఫోన్లలో Emergency sharing అని వేరే ఉంటుంది. దాన్ని నొక్కి మొదలుపెడితే ఫోన్ కాల్ లేకుండా కబురొక్కటే వెళుతుంది. పొరపాటున 112 కలిసిపోతే భయపడి కట్ చేయకండి. పొరపాటున తగిలిందని చెప్పి పెట్టేయండి.

మెసేజ్ అసలు అందకపోతే ముందు రీచార్జ్ చూడండి. ఇది చాలా ఫోన్లలో ఎస్ఎంఎస్‌గా వెళుతుంది. డేటా ఉండి ఎస్ఎంఎస్ లేని ప్యాక్ వేయించుకున్నా, మెసేజ్‌లు వెళ్లే సిమ్‌కు గడువు ముగిసినా వెళ్లదు. రెండు సిమ్‌లున్నవాళ్లకు ఇది తరచూ తగిలే చిక్కు. మెసేజ్ అంది, మ్యాపులో చుక్క మాత్రం రెండు వీధుల అవతల కనిపిస్తే, ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉందో లేదో చూసి ఆరుబయట మళ్లీ పంపండి. మన నర్సు ఇంకో పరీక్ష ఆసుపత్రి సెల్లార్‌లో పెట్టుకోవాలి. అక్కడ సిగ్నల్ అందకపోతే, ఆటో కోసం మెట్లెక్కి రోడ్డు మీద నిలబడాలని ముందే తెలుస్తుంది.

అందుకున్నవాళ్లు లింకు తెరిచి, ఏ చోటు కనబడుతోందో పేరుతో చెప్పాలి. ఉత్త "వచ్చింది" చాలదు. అసలు ఆపదలో వెంటనే తిరిగి ఫోన్ చేయకూడదని కూడా వాళ్లకు చెప్పండి. దాక్కున్న మనిషి ఫోన్ మోగితే ప్రమాదం. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు 112కి చేసి లింకులో కనబడే చోటు చెప్పాలి.

ఐఫోన్‌లో లెక్క వేరు. అత్యవసర కాల్ ముగిశాకే ఇంటివాళ్లకు మెసేజ్ వెళుతుంది కాబట్టి దాన్ని ఇలా పరీక్షించడం కుదరదు. Health యాప్‌లోని Medical ID లో నంబర్లు సరిగా ఉన్నాయో లేదో చూసుకుని ఊరుకోండి.

పరీక్ష కాగానే లొకేషన్ పంచుకోవడం ఆపేయండి, లేకపోతే అన్నయ్య మిమ్మల్ని వెంబడిస్తూనే ఉంటాడు. 112 కాల్‌ను మళ్లీ ఆన్ చేయండి, ఆ పేజీ మూసేముందు ఇంకోసారి చూడండి. సిమ్ మార్చినా, ఫోన్ మార్చినా, జాబితాలో ఎవరి నంబరు మారినా ఇదంతా మళ్లీ మొదటినుంచి.