ఆ ఇంటికి రాయాల్సిన ఉత్తరం

ఆసుపత్రిలో అనుకోకుండా మనిషి పోతే ఇంటివాళ్ళ చేతికి వచ్చేవి మూడు కాగితాలు: డెత్ సమ్మరీ, మరణ కారణ ధ్రువపత్రం, బిల్లు. ఈ మూడూ కలిపి చదివినా ఏం జరిగిందో వాళ్ళకు అర్థం కాదు. అందుకే నాలుగో కాగితం ఒకటి ఉండాలని, దాన్ని వైద్యం చేసిన డాక్టరే రాయాలని నేను పట్టుబడుతూ వచ్చాను. జిల్లా కేంద్రంలోని ఆసుపత్రిలో ఫిజీషియన్‌గా పనిచేసినన్నాళ్ళూ ఇలాంటి ఉత్తరాలు రాశాను, చిన్న డాక్టర్లతో రాయించాను. ఇక్కడ ఒక్క ఉత్తరాన్నే తీసుకుని చెబుతాను. మనుషుల్ని గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చాను.

అరవై దాటిన ఆవిడ ఇంట్లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. సోమవారం చేర్చారు, మంగళవారం ఆపరేషన్ బాగా జరిగింది. ఆదివారం డిశ్చార్జి చేద్దామనుకున్నాం. ఆ ఉదయం కూతురి భుజం పట్టుకుని బాత్‌రూమ్‌కు వెళ్ళి వస్తూ ఆయాసంతో కూలబడ్డారు. రెండు గంటలు తిరక్కుండానే పోయారు. కాలి సిరలో గడ్డకట్టిన రక్తం కదిలి వెళ్ళి ఊపిరితిత్తుల రక్తనాళానికి అడ్డుపడింది.

1. రాసే ముందు కేస్ షీటు మొత్తం చదవాలి, నర్సుల చార్టుతో సహా.

జ్ఞాపకం మీద ఆధారపడి రాస్తే మనకు అనుకూలమైనవే గుర్తొస్తాయి. కూలబడింది 6:20కి అని డ్యూటీ డాక్టరు నోట్స్‌లో ఉంది, నర్సు చార్టులో 6:10 అని ఉంది. పక్కనే ఉన్న కూతురికి ఆ పది నిమిషాలు మనకన్నా బాగా తెలుసు. రెండు కాగితాల్లో రెండు టైములు ఉంటే ఉత్తరంలో రెండూ చెప్పాలి. ఒకటి దాచి, తర్వాత వాళ్ళు షీటు కాపీ తీసుకుని చూస్తే, మిగతా ఉత్తరమంతా అబద్ధమనుకుంటారు. తేడా కనిపించింది కదా అని పాత నోట్స్ దిద్దడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. కొత్తగా తెలిసింది ఏదైనా ఉంటే ఆ రోజు తేదీ, సమయం వేసి కిందే రాయాలి.

2. ఉత్తరం ఎవరికో ముందు తేల్చుకోవాలి.

ఈ ఇంట్లో కొడుకు డాలస్‌లో ఉంటాడు. ఫోన్లో ఇంగ్లీషులో గట్టిగా ప్రశ్నలు అడిగింది అతనే. మా వాళ్ళందరూ ఉత్తరం అతనికి రాయాలన్నారు. కానీ భార్యను పోగొట్టుకున్నది ఆ పెద్దాయన. ఆయన తెలుగు చదువుతారు, రోజూ పేపరు చదివే మనిషి. ఉత్తరం ఆయన పేరున, తెలుగులో వెళ్ళింది. కొడుక్కి కూడా అదే ఉత్తరం పంపాం, వేరే వెర్షన్ కాదు. ఇద్దరికీ రెండు రకాలుగా రాస్తే, రెండూ పక్కపక్కన పెట్టి చూసే రోజు తప్పకుండా వస్తుంది.

ఆవిడను ‘పేషెంట్’ అనో, ఐపీ నంబరుతోనో రాయకండి. మొదటి వాక్యంలోనే పేరు, పక్కన గారు.

3. పెద్దకర్మ అయ్యాక అందేలా పంపాలి.

మొదటి రెండు రోజుల్లో ఫోన్ చేయాలి, అది వేరే పని. ఉత్తరం పదకొండో రోజు దాటాక వెళితే ఇంట్లో కూర్చుని చదివే వీలు వాళ్ళకు కలుగుతుంది. మరీ ఆలస్యం చేస్తే దూరం నుంచి వచ్చిన పిల్లలు తిరిగి వెళ్ళిపోతారు, తండ్రి ఒక్కడే చదువుకోవాల్సి వస్తుంది. ఇతర మతాల ఇళ్ళలో వాళ్ళ రోజులు వాళ్ళకుంటాయి, ఫోన్ చేసినప్పుడు అడగవచ్చు. బిల్లు సంగతి గానీ, ఇన్సూరెన్స్ కాగితాల సంగతి గానీ ఈ కవర్లో ఉండకూడదు.

4. తెలిసింది, అనుకుంటున్నది, తెలియనిది వేరువేరుగా రాయాలి.

ఉత్తరానికి ప్రాణం ఇదే, కొంచెం వివరంగా చెబుతాను.

ఆ ఇంటికి ఇచ్చిన డెత్ సమ్మరీలో మా జూనియర్ ‘కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్’ అని రాశాడు. గుండె, ఊపిరి ఆగడం ఏ చావులోనైనా జరిగేదే. అది కారణం కాదు. మరణ కారణ ధ్రువపత్రం, అంటే ఫారం 4, నింపేటప్పుడు కూడా అలా రాయకూడదు. ప్రాణం తీసింది ఏదో మొదటి వరుసలో, దానికి దారితీసింది కింద, అన్నిటికీ మూలం అట్టడుగున రాయాలి. ఇక్కడైతే ఊపిరితిత్తుల్లో గడ్డ, దాని కింద కాలి సిరలో గడ్డ, దాని కింద తుంటి ఎముక విరగడం. ఉత్తరంలో ఈ క్రమాన్నే మాటల్లో చెప్పాలి. మేం రాసింది ఇది:

“ఎముక విరిగి, ఆపరేషన్ జరిగి, కదలకుండా పడుకున్నప్పుడు కాలి లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. ఆ గడ్డ ఊడి రక్తంతో పాటు గుండెలోకి, అక్కడి నుంచి ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. పెద్ద గడ్డ అయితే గుండె కుడివైపు భాగం దాన్ని దాటించి రక్తాన్ని నెట్టలేక కొద్ది సేపట్లోనే ఆగిపోతుంది. మంచం దగ్గరే చేసిన ఎకోలో ఆమె గుండె కుడి భాగం బాగా ఉబ్బి కనిపించింది. అందుకే ఇదే జరిగిందని గట్టిగా అనుకుంటున్నాం. స్కాన్‌కు తీసుకెళ్ళేలోపు 7:05కు గుండె ఆగింది. గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇచ్చి, 8:10 వరకు ఛాతీ నొక్కుతూ ప్రయత్నించాం. గుండె తిరిగి కొట్టుకోలేదు.”

‘గట్టిగా అనుకుంటున్నాం’ అనే మాట కావాలనే పెట్టాం. పోస్ట్‌మార్టమ్ జరగలేదు. ఇంట్లో జారిపడిన కేసు, పోలీసుల ప్రమేయం లేదు, అడిగితే కుటుంబం వద్దంది. అది వాళ్ళ హక్కు. మా జూనియర్ మొదటి చిత్తులో “మీరు పోస్ట్‌మార్టమ్‌కు అంగీకరించనందున నిర్ధారించలేకపోయాం” అని రాశాడు. వాక్యం నిజమే కానీ, శవం పక్కన కూర్చున్న మనిషి తీసుకున్న నిర్ణయాన్ని తిరిగి ఆయన మీదికే తోస్తుంది. “పోస్ట్‌మార్టమ్ జరగలేదు కాబట్టి నూటికి నూరుపాళ్ళు చెప్పలేం” అంటే చాలు.

5. వాళ్ళు కళ్ళారా చూసినదాన్ని వదిలేయకూడదు.

రక్తం గడ్డకట్టకుండా రోజూ పొట్ట మీద ఇచ్చే ఎనాక్సాపారిన్ 40 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ గురువారం ఇవ్వలేదు. కుట్ల దగ్గర రక్తం ఊరుతోందని సర్జన్ ఆపమన్నారు. శుక్రవారం రాత్రి మళ్ళీ మొదలుపెట్టారు. ఆ రోజు ఇంజెక్షన్ ఎందుకివ్వలేదని కూతురు నర్సును అడిగిందని చార్టులో లేదు, నర్సే చెప్పింది. అంటే ఆ ఇంట్లో ఈ ప్రశ్న అప్పటికే ఉంది. ఉత్తరంలో ఈ సంగతి లేకపోతే దాచారనే అనుకుంటారు. ఇలా రాశాం:

“గురువారం ఒక డోసు ఆపాం. రక్తం ఊరుతున్నప్పుడు ఆ మందు ఇస్తే గాయంలో రక్తం నిండి, మళ్ళీ తెరవాల్సి రావచ్చు. ఆ డోసు ఇచ్చి ఉంటే ఇది జరిగేది కాదా అంటే మేం చెప్పలేం. ఈ మందు గడ్డకట్టే ప్రమాదాన్ని తగ్గిస్తుంది గానీ పూర్తిగా పోగొట్టదు. ఒక్క డోసూ ఆపనివాళ్ళలో కూడా ఇది జరుగుతుంది.”

ఈ పేరా చివరి వాక్యంతో మొదలుకాకూడదు. ముందు ఆపామని చెప్పాలి, తర్వాత ఎందుకో, ఆ తర్వాతే మందు పరిమితి. క్రమం తారుమారైతే అదే సమాచారం సాకులా వినిపిస్తుంది.

6. ఇంటివాళ్ళు తమ మీద వేసుకున్న నిందకు పేరు పెట్టి జవాబు చెప్పాలి.

అమ్మను నేనే లేపి నడిపించాను అని ఆ కూతురు వార్డు బయట అన్న మాట చాలామంది విన్నారు. “మీ తప్పేమీ లేదు” అని ఒక ముక్క రాస్తే ఆమె నమ్మదు. కారణం చెప్పాలి. “ఆపరేషన్ అయిన మర్నాటి నుంచి నడిపించమని చెప్పింది మేమే. నడక వల్ల గడ్డకట్టే ప్రమాదం తగ్గుతుంది. అప్పటికే కట్టిన గడ్డ నడుస్తున్నప్పుడు ఊడవచ్చు, పడుకుని ఉన్నప్పుడూ ఊడవచ్చు. ఆ ఉదయం మీ అమ్మాయి చేసింది మేం చేయమన్న పనే.” నేను రాయించిన వాక్యాల్లో ఏది ఎక్కువ పనికొచ్చిందంటే ఇదే అంటాను.

7. క్షమాపణ, సంతాపం కలగాపులగం చేయవద్దు.

మన వైపు పొరపాటు తేలితే అది ఏమిటో చెప్పి క్షమించమని అడగాలి. తేలకపోతే “ఏవైనా లోపాలుంటే మన్నించండి” అని పెళ్ళి శుభలేఖ ధోరణిలో రాయకూడదు. అది చదివినవాళ్ళు ఏ లోపమో వెతుక్కుంటూ కూర్చుంటారు. మేం రాసింది: “ఆమె నడిచి ఇంటికి వెళతారని మేమూ అనుకున్నాం. మీ ఇంటికి ఇంత కష్టం వచ్చినందుకు చాలా బాధపడుతున్నాం.” ఆయుష్షు తీరింది, దైవనిర్ణయం లాంటి మాటలు బంధువులు అనవచ్చు. వైద్యం చేసినవాళ్ళ నోట అవి జవాబు ఎగ్గొట్టినట్టు ఉంటాయి.

8. లాయరుకు చూపించండి, కానీ కలం ఆయన చేతికివ్వకండి.

క్షమాపణ చెప్పినంత మాత్రాన నిర్లక్ష్యం ఒప్పుకున్నట్టు కాదని ఇంగ్లండులో 2006 నాటి కాంపెన్సేషన్ చట్టంలో ఉంది. మన దగ్గర అలాంటి భరోసా చట్టంలో రాసి లేదు. ఇన్సూరెన్స్ పాలసీల్లో కూడా ముందుగా చెప్పకుండా బాధ్యత ఒప్పుకోవద్దనే షరతు ఉంటుంది. అందుకని యాజమాన్యం భయం అర్థం లేనిది కాదు. లాయరు తీసేయదగ్గవి ఉంటాయి: మన ఊహలు, తోటి డాక్టరు మీద వ్యాఖ్యలు, ‘నిర్లక్ష్యం’ లాంటి తీర్పు మాటలు. జరిగిన సంగతులు, టైములు, ఆపిన డోసు తీసేయడానికి ఒప్పుకోవద్దు. అవి కేస్ షీటులో ఉన్నవే. వైద్యవృత్తి నియమాలు, 2002 ప్రకారం అడిగిన 72 గంటల్లో ఆ రికార్డు ఎలాగూ ఇవ్వాలి.

9. ఒక మనిషి పేరు, ఒక ఫోన్ నంబరు.

“ఎప్పుడైనా సంప్రదించవచ్చు” అంటే ఎవరూ రారు. ఎవరిని కలవాలో, ఏ రోజుల్లో ఎన్ని గంటలకు ఉంటారో, కేస్ షీటు కాపీ ఎలా తీసుకోవాలో రాయాలి. సర్జన్, ఫిజీషియన్ ఇద్దరూ సంతకం పెట్టాలి.

ఉత్తరం చదివాక ఆ పెద్దాయన కూతురితో కలిసి వచ్చారు. అనుకున్నట్టే గురువారం డోసు గురించే అడిగారు. షీటు తెరిచి సర్జన్ నోట్ చూపించాం. నోట్ ఉంది సరే, అప్పుడే మాకెందుకు చెప్పలేదు అని కూతురు అడిగింది. దానికి మా దగ్గర జవాబు లేదు, లేదనే చెప్పాం.

10. చేసిన మార్పు రాయండి, చేస్తామన్నది కాదు.

కూతురి ఆ ప్రశ్న విన్నాక వార్డులో రెండు సంగతులు మారాయి. ఈ ఇంజెక్షన్ ఆపాల్సి వస్తే ఎందుకు ఆపారో అదే రోజు ఇంటివాళ్ళకు చెప్పి, చెప్పినట్టు షీటులో రాయాలి. మందు ఆపిన గంటల్లో, కాళ్ళకు గాలి నింపుతూ వదులుతూ ఒత్తే పట్టీల మిషన్ పెట్టాలి. అది రక్తం ఊరడాన్ని పెంచదు. రెండూ అమల్లోకి వచ్చాకే ఆ ఇంటికి అరపేజీ రెండో ఉత్తరం రాశాం. ‘ఇకపై చర్యలు తీసుకుంటాం’ అని మొదటి ఉత్తరంలోనే పెడదామని ఆఫీసువాళ్ళు అన్నారు, నేను ఒప్పుకోలేదు. అప్పటికి ఇంకా మిషన్ కొనలేదు.