ఫైనల్లో ఊపు, పరీక్షలో వణుకు

ప్రశ్న: కబడ్డీ ఫైనల్లో గుండె దడదడలాడితే రెచ్చిపోయి ఆడతాను. అదే దడ లెక్కల పరీక్షలో వస్తే తెలిసిన లెక్కా తప్పుతుంది. ఎందుకు సార్?
– ఇంటర్ విద్యార్థి

జవాబు: దడ ఒకటే, పని వేరు. ఉద్రేకం కొంతవరకు మేలు చేస్తుంది, ఆపై చెడగొడుతుంది. పని ఎంత చిక్కుదైతే ఆ హద్దు అంత ముందే వస్తుందని 1908లో యెర్కీస్, డాడ్సన్ చిట్టెలుకలపై ప్రయోగాల్లో గమనించారు. కబడ్డీలో పట్టుకు బలం, వేగం ముఖ్యం. సమాకలనంలో మాత్రం మూడు మెట్లు ఒకేసారి మనసులో నిలపాలి. ఆందోళన ఆ చోటునే ఆక్రమిస్తుంది. ప్రశ్న రెండోసారి చదివినా బుర్రకెక్కకపోతే హద్దు దాటినట్టే. పెన్ను దించి, పీల్చినదానికంటే నెమ్మదిగా ఐదారుసార్లు ఊపిరి వదులు. తేలిక ప్రశ్నతో మొదలుపెట్టి, ప్రతి మెట్టూ కాగితంపై రాయి. ఆటలోనూ హద్దు ఉంది: బోనస్ గీత దాటేటప్పుడు వెనక కాలు గాల్లో ఉండాలన్నది మరిచిపోయేదీ ఊపు మితిమీరినప్పుడే కదా!