ఒక రైతు రేఖ, మార్కెట్టు రేఖ

ఒక వస్తువు ధర తగ్గినప్పుడు ప్రజలు దానిని ఎక్కువగా కొంటారు. ధర పెరిగినప్పుడు తక్కువగా కొంటారు. అందువల్ల మార్కెట్టు డిమాండు రేఖ ఎడమ నుంచి కుడికి కిందికి వాలుతుంది. అయితే సంపూర్ణ పోటీలో ఒక సంస్థ ఎదుర్కొనే డిమాండు రేఖ మాత్రం అడ్డంగా, వాలు లేకుండా ఉంటుందని అర్థశాస్త్రం చెబుతుంది. వస్తువు ఒకటే, కొనేవారూ వారే. మరి రేఖలు రెండు విధాలుగా ఎందుకున్నాయి? కర్నూలు వ్యవసాయ మార్కెట్టు యార్డులో ఉల్లి అమ్మకాన్ని గమనిస్తే ఈ సందేహం తీరుతుంది.

కోడుమూరు, గోనెగండ్ల వంటి ప్రాంతాల నుంచి రైతులు ఉల్లిగడ్డలను ఈ యార్డుకు తెస్తారు. వ్యాపారులు సరుకును చూసి వేలంలో ధర పలుకుతారు. ఒకనాడు ఒకే రకం సరుకుకు క్వింటాలు 1500 రూపాయలు పలుకుతున్నదని అనుకుందాం. ఒక రైతు 1510 రూపాయలు కావాలని పట్టుబడితే వ్యాపారి పక్కనున్న కుప్ప వద్దకు వెళతాడు. తెచ్చిన సరుకంతా 1500కే అమ్ముడుపోతున్నప్పుడు 1490కి ఇవ్వవలసిన అవసరం ఆ రైతుకు లేదు. అతడు పది క్వింటాళ్లు అమ్మినా, నలభై అమ్మినా ధర ఒక్కటే. ఈ స్థితిని గీస్తే 1500 వద్ద ఒక అడ్డగీత వస్తుంది. అటువంటి అమ్మకందారును ధర స్వీకర్త అంటారు.

ఇప్పుడు యార్డు మొత్తాన్ని పరిశీలిద్దాం. సులభంగా ఉండేందుకు వేయిమంది రైతులు తలా 40 క్వింటాళ్ల చొప్పున 40,000 క్వింటాళ్లు తెచ్చారని, దానికి 1500 రూపాయల ధర ఏర్పడిందని ఊహిద్దాం. 44,000 క్వింటాళ్లు వస్తే, అదంతా అమ్ముడు కావడానికి ధర 1300కు దిగాలని అనుకుందాం. అంటే ప్రతి 20 క్వింటాళ్ల అదనపు సరుకుకు ధర ఒక రూపాయి తగ్గుతుంది. ఇదే మార్కెట్టు రేఖ వాలు.

ఒక్క రైతు మాత్రమే తన సరుకును రెట్టింపు చేసి 80 క్వింటాళ్లు తెస్తే ఏమవుతుంది? అదనంగా వచ్చినది 40 క్వింటాళ్లు; ధర తగ్గేది రెండు రూపాయలు. గడ్డ పరిమాణాన్ని బట్టి, తేమను బట్టి కుప్పకూ కుప్పకూ వచ్చే తేడా ముందు ఈ రెండు రూపాయలు ఎవరి కంటికీ ఆనవు. కాబట్టి ఒక రైతు రేఖకు వాలు బొత్తిగా లేదని కాదు. అది లెక్కలోకి రానంత స్వల్పం. మార్కెట్టు రేఖలో అతి చిన్న ముక్కను మాత్రమే అతడు చూస్తున్నాడు. పెద్ద చెరువు నుంచి ఒక బిందె నీరు తీస్తే మట్టం మారినట్లు కనిపించదు; ఊరంతా తోడితే కనిపిస్తుంది.

రైతుకు కష్టం ఇక్కడే మొదలవుతుంది. ధర 1500 వద్ద నిలిచి ఉంటుందని నమ్మి ప్రతి రైతూ మరో నాలుగు క్వింటాళ్లు ఎక్కువ పండించాడని అనుకుందాం. 44 క్వింటాళ్లకు 66,000 రూపాయలు వస్తాయని అతని అంచనా. కాని అందరూ అదే పని చేయడం వల్ల మొత్తం సరుకు 44,000 క్వింటాళ్లయి, ధర 1300కు పడిపోతుంది. అతనికి దక్కేది 57,200 రూపాయలే. నలభై క్వింటాళ్లు అమ్మిన రోజున వచ్చిన 60,000 కంటే ఇది తక్కువ. ఇక్కడ రైతు రేఖ వంగలేదు. అడ్డంగానే ఉండి, మొత్తంగా కిందికి జరిగింది. తన రేఖ ఏ ఎత్తున ఉండాలో నిర్ణయించే శక్తి ఒక్క రైతుకు లేదు. దానిని మార్కెట్టు డిమాండు, మొత్తం సప్లయి కలిసి నిర్ణయిస్తాయి.

2025లో కర్నూలులో ఉల్లి ధరలు బాగా పడిపోయినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం క్వింటాలుకు 1200 రూపాయల చొప్పున కొనుగోలుకు పూనుకోవడంలోని తర్కం ఇదే. ఒక్క రైతు సరుకు ఆపినంత మాత్రాన ధర నిలవదు. ధర నిలబడాలంటే మార్కెట్టు మొత్తం మీద ప్రభావం చూపగల పెద్ద కొనుగోలుదారు రావాలి, లేదా మొత్తం సరుకు తగ్గాలి.

ఈ సూత్రానికి ఒక ముఖ్యమైన షరతు ఉంది: వస్తువు సజాతీయమై ఉండాలి. కడప జిల్లాలో పండే కృష్ణాపురం ఉల్లి చిన్నది, ఘాటైనది. దానికి ఇక్కడి వంటిళ్లలో ఆదరణ తక్కువ. విదేశాలకు ఎగుమతి అవుతుంది. 2020 సెప్టెంబరులో కేంద్రం ఉల్లి ఎగుమతిని నిషేధించి, అక్టోబరులో ఈ రకానికి 10,000 టన్నుల మేరకు ప్రత్యేకంగా అనుమతి ఇచ్చింది. కాబట్టి కర్నూలు ఉల్లి ధరను చూసి కృష్ణాపురం ఉల్లి రైతు రేఖను గీయకూడదు. అతడూ ధర స్వీకర్తే, కాని అతని మార్కెట్టు వేరు.

అభ్యాసం

1. పై ఉదాహరణలో రైతులందరూ తలా రెండు క్వింటాళ్లు మాత్రమే పెంచితే ధర ఎంత? ఒక్కొక్క రైతుకు వచ్చే రాబడి ఎంత?
2. ధర పడిపోయినప్పుడు రైతు డిమాండు రేఖ వాలుతుందా, కిందికి జరుగుతుందా? కారణం వివరించండి.