సంతకానికి పంపే అద్దె ఒప్పందం: దానితో వెళ్లవలసిన లేఖ

బెంగళూరులో ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు ఒప్పంద పత్రాన్ని ఈమెయిల్‌కు జతచేసి, "చూసి సంతకం చేయగలరు" అని ఒక్క వాక్యం రాసి పంపడం నేడు సర్వసాధారణం. పత్రం ఆంగ్లంలో ఐదారు పుటలుంటుంది. అందుకొన్నవారు అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, ఏ తేదీనుంచి అన్న మూడు విషయాలు సరిచూసుకొని మిగిలిన పుటలు తిప్పేస్తారు. తగవులు మాత్రం ఈ మూడింటిమీద రావడం అరుదు. ఇల్లు ఖాళీ చేసే నెలలో, అడ్వాన్సు లెక్క తేల్చే వేళ, అంతవరకు ఎవరూ చదవని ఒక క్లాజు బయటికి వస్తుంది. "అందులో ఉంది కదా" అని ఒకరు, "నాకు చెప్పలేదు కదా" అని మరొకరు అంటారు. ఇద్దరి మాటా నిజమే.

ఈ పాఠం ముసాయిదాను పంపే యజమాని వైపునుంచి రాసినది. అద్దెకు దిగేవారు దీనిని తిరగేసి చదువుకోవచ్చు. ఇటువంటి లేఖ రాకపోతే, తామే ఏ ప్రశ్నలు అడగాలో ఇందులో కనబడుతుంది.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకొందాం. నెల అద్దె 18,000 రూపాయలు. అడ్వాన్సు ఆరు నెలల అద్దె, అంటే 1,08,000. గడువు జూన్ 1 నుంచి పదకొండు నెలలు. ఏడాదికి మించిన కౌలుపత్రాన్ని తప్పక రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది గనుక ఈ పదకొండు నెలల వాడుక ఏర్పడింది. (ముంబయి, పుణెలలోని బంధువులకు ఇదే నమూనా పంపకూడదు. మహారాష్ట్రలో లీవ్ అండ్ లైసెన్స్ ఒప్పందాన్ని గడువు ఎంత తక్కువైనా రిజిస్టరు చేయవలసిందే, ఆ బాధ్యత యజమానిదే.)

లేఖలో ఏ క్లాజులను ఎత్తిచూపాలి? అన్నింటినీ ఎత్తిచూపితే ఏదీ చూపనట్లే. ప్రతి క్లాజునూ ఒక్క ప్రశ్నతో పరీక్షించవచ్చు: ఇది అమలైన రోజున అవతలివారు "అయ్యో, ఇలాగని అనుకోలేదే" అంటారా? అద్దెను ప్రతి నెలా ఐదవ తేదీలోగా చెల్లించాలన్న షరతు ఎవరినీ ఆశ్చర్యపరచదు. మొదటి ఆరు నెలలలో ఖాళీ చేస్తే మిగిలిన నెలల అద్దె కట్టాలన్న షరతు ఆశ్చర్యపరుస్తుంది. సాధారణంగా ఈ వడపోతలో మూడు నాలుగు క్లాజులే మిగులుతాయి. వాటిలో అధికభాగం పంపేవారికి లాభించేవే అయివుంటాయి. సరిగ్గా వాటినే చూపడానికి చేయి వెనుకాడుతుంది, లేఖకు విలువ మాత్రం వాటివల్లనే వస్తుంది.

మన ఉదాహరణలో యజమాని మొదటి ముసాయిదాను ముందు పెట్టుకొని లేఖ రాయనారంభించారనుకొందాం. 5వ క్లాజు లాక్-ఇన్ గురించి: తొలి ఆరు నెలలు ఇల్లు ఖాళీ చేయరాదు. 9వ క్లాజు నోటీసు గురించి: ఖాళీ చేసేముందు రెండు నెలల నోటీసు ఇవ్వాలి. రెండూ విడివిడిగా స్పష్టంగానే ఉన్నాయి. "మీరు ఎంత త్వరగా వెళ్లదలచినా, మొట్టమొదట వెళ్లగలిగే తేదీ ఇది" అని రాయబోయేసరికి యజమాని కలం ఆగిపోయింది. లాక్-ఇన్ నవంబరు 30తో ముగుస్తుంది. నోటీసును లాక్-ఇన్ లోపలే ఇవ్వవచ్చునంటే, సెప్టెంబరు 30న నోటీసిచ్చి నవంబరు 30న వెళ్లవచ్చు. లాక్-ఇన్ ముగిసిన తరువాతే ఇవ్వాలంటే, డిసెంబరు 1న నోటీసిచ్చి జనవరి 31న వెళ్లాలి. అప్పుడు కాగితం మీద ఆరు నెలలుగా కనబడే కట్టుబాటు నిజానికి ఎనిమిది నెలలు. తేడా రెండు నెలల అద్దె, 36,000 రూపాయలు. పత్రం దీనిపై మౌనంగా ఉంది.

ఇటువంటి చోట చాలామంది చేసే పొరపాటు ఏమంటే, పత్రాన్ని అలాగే వదలి, లేఖలో మాత్రం "నోటీసు ముందే ఇవ్వవచ్చు లెండి" అని రాయడం. రేపు తగవు వస్తే సంతకం ఉన్నది పత్రం మీద, లేఖ మీద కాదు. షరతులను ఒకసారి లిఖితపూర్వకంగా కుదుర్చుకొన్నాక, వాటికి విరుద్ధమైన నోటిమాటను న్యాయస్థానం సాధారణంగా అంగీకరించదు. ఈమెయిల్‌లోని మాట ఎంతవరకు చెల్లుతుందన్నది వాదించి తేల్చుకోవలసిన విషయం అవుతుంది. కాబట్టి లోపం కనబడినప్పుడు సరిదిద్దవలసినది పత్రాన్నే. మన యజమాని 9వ క్లాజులో ఒక వాక్యం చేర్చి, రెండవ ముసాయిదాను తయారుచేశారు. ఆ తరువాత ఈ లేఖ రాశారు:

"విషయం: అద్దె ఒప్పందం రెండవ ముసాయిదా, మే 20లోగా మీ అభిప్రాయం కోసం

నమస్కారమండీ. మనం మాట్లాడుకొన్న ప్రకారం అద్దె ఒప్పందాన్ని జతపరుస్తున్నాను. ఫైలు పేరు Rent_Agreement_v2.pdf, మొత్తం 6 పుటలు. పూర్తిగా చదవవలసిందిగా మనవి. ముఖ్యంగా ఈ నాలుగు క్లాజులను నిదానంగా చూడండి.

5వ క్లాజు, 2వ పుట: నవంబరు 30లోపు ఖాళీ చేస్తే, ఆ తేదీవరకు మిగిలిన నెలల అద్దె మీరు చెల్లించాలి. ఉదాహరణకు సెప్టెంబరు 30న వెళితే 36,000 రూపాయలు.

9వ క్లాజు, 3వ పుట: ఖాళీ చేయడానికి రెండు నెలల ముందు రాతపూర్వకంగా తెలపాలి. నేను ఖాళీ చేయమన్నా ఇదే గడువు. ఈ నోటీసును మొదటి ఆరు నెలల లోపల కూడా ఇవ్వవచ్చు, అయితే నవంబరు 30కి ముందు వెళ్లేందుకు అది చెల్లదు.

12వ క్లాజు, 4వ పుట: అడ్వాన్సు 1,08,000 నుంచి గోడల రంగులకు ఒక నెల అద్దె 18,000 తగ్గించుకొని, 90,000 రూపాయలు మీరు తాళాలు అప్పగించిన 15 రోజులలోగా తిరిగి ఇస్తాను. మీరు పదకొండు నెలలే ఉన్నా, అయిదేళ్లు ఉన్నా ఈ తగ్గింపు ఇంతే. పగిలిన, చెడిన వస్తువుల ఖర్చు దీనికి అదనం. వాటి జాబితా 6వ పుటలో ఉంది.

14వ క్లాజు, 5వ పుట: గడువు తరువాత కొనసాగితే అద్దె 5 శాతం పెరిగి 18,900 అవుతుంది.

ఏదైనా మార్చాలనిపిస్తే క్లాజు సంఖ్యతో తెలపండి. పత్రానికీ ఈ లేఖకూ ఎక్కడైనా తేడా కనబడితే సంతకానికి ముందే చెప్పండి, పత్రాన్ని సరిచేద్దాం."

ఈ లేఖలో గమనించవలసినది, ప్రతి క్లాజు వెంట ఒక తేదీగానీ ఒక మొత్తంగానీ ఉండటం. "లాక్-ఇన్ నిబంధన ఉన్నది, గమనించగలరు" అని రాస్తే చదివేవారికి తెలిసేది శూన్యం. "సెప్టెంబరు 30న వెళితే 36,000" అన్న వాక్యం, హైదరాబాదుకో విశాఖకో బదిలీ అయ్యే అవకాశమున్న ఉద్యోగిని ఆ క్లాజు దగ్గర నిలబెడుతుంది. ఆయన బదిలీ ఉత్తర్వు చూపితే మినహాయింపు ఇమ్మని అప్పుడే అడగగలరు. ఒప్పుకోవడం, మానడం యజమాని ఇష్టం. ఆ సంభాషణ మే నెలలో జరగడం వేరు, అక్టోబరులో సామాను లారీ గుమ్మం ముందు నిలిచాక జరగడం వేరు.

యజమానులు తెలుసుకోవలసిన మాట ఇంకొకటి ఉంది. ఒప్పందాన్ని మీరినందుకు పత్రంలో ఎంత మొత్తం రాసినా, 1872 నాటి ఒప్పందాల చట్టం 74వ సెక్షను ప్రకారం న్యాయస్థానం ఇప్పించేది ఆ మొత్తానికి మించని సమంజసమైన పరిహారమే. అద్దెదారు వెళ్లిన వారానికే కొత్తవారు దిగితే, మిగిలిన నెలల అద్దె అంతా రాబట్టవచ్చునని భరోసా పెట్టుకోరాదు.

లేఖలోని వివరణ పత్రాన్ని మెత్తబరచకూడదు. 12వ క్లాజులో "మరమ్మతుల ఖర్చు అదనం" అని ఉండగా లేఖలో "రంగులకు మాత్రమే తగ్గిస్తాం" అని రాస్తే, రాసినవారికి మోసపుచ్చే ఉద్దేశం లేకపోయినా అది తప్పుడు వర్ణన అవుతుంది. అటువంటి మాటను నమ్మి చేసిన సంతకాన్ని ఆధారంగా చేసుకొని ఒప్పందాన్ని రద్దు కోరే దారి అదే చట్టం 18, 19 సెక్షన్లలో ఉంది. "ఇది మామూలు అగ్రిమెంటే, అందరూ చేసేదే" అన్న వాక్యం కూడా ఈ కోవలోనిదే. అది చదవవద్దని చెప్పడంతో సమానం. దానిని లేఖలోంచి తీసివేయడం మంచిది.

నోటిమాటల సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. కారు నిలుపుకొనే చోటు, కావేరీ నీళ్లు రాని రోజుల్లో ట్యాంకరు ఖర్చు ఎవరిదన్నది, అపార్టుమెంటు మెయింటెనెన్సు అద్దెలో కలిసివుందా లేదా అన్నది ఇల్లు చూపించిన రోజు మెట్లమీద మాట్లాడుకొని ఉంటారు. లేఖ రాసేటప్పుడు ఇవి గుర్తుకువస్తే పత్రంలో చేర్చాలి. లేఖలో మాత్రమే పెట్టడం చాలదు.

ఇక ఫైలు. సవరించడానికి వీలైన వర్డ్ ఫైలుకంటే పీడీఎఫ్ పంపడం క్షేమం. మార్పులు జరిగిన ప్రతిసారీ పేరులోని సంఖ్య మారాలి, ఏ క్లాజు ఎలా మారిందో కొత్త లేఖలో ఒక వాక్యం ఉండాలి. పాత లేఖను చదివినవారు కొత్త ఫైలును మళ్లీ మొత్తం చదువుతారని ఆశించకూడదు. ఆధార్ నకలును జతచేయవలసి వస్తే, మొదటి ఎనిమిది అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్ చాలు.

సంతకం రోజున ఈ-స్టాంపు కాగితంతో కలిపి ముద్రించి తెచ్చిన ప్రతి, ఈమెయిల్‌లో వచ్చినదేనా అని పుట పుటా సరిచూడాలి. టైపిస్టు దగ్గర పాత ఫైలు ముద్రణకు వెళ్లడం తరచూ జరిగే పొరపాటు. పుటల సంఖ్య, లేఖలో చెప్పిన నాలుగు క్లాజులు సరిపోలితే అయిదు నిమిషాల పని. ప్రతి పుటమీదా ఇద్దరూ సంతకం చేయాలి, చివర ఇద్దరు సాక్షులు చేయాలి. తగిన స్టాంపు రుసుము చెల్లించని పత్రాన్ని, ఆ రుసుమునూ జరిమానానూ కట్టేవరకు న్యాయస్థానం సాక్ష్యంగా స్వీకరించదు గనుక, స్టాంపు విలువ సరిపోయిందో లేదో కూడా అప్పుడే చూడాలి.

సంతకాలయిన పత్రాన్ని స్కాన్ చేసి అదే ఈమెయిల్ వరుసలో బదులుగా పంపితే, ముసాయిదా, వివరణ, అభ్యంతరం, తుది ప్రతి అన్నీ ఒకేచోట తేదీలతో నిలిచివుంటాయి. పదకొండవ నెలలో ఇద్దరూ తెరిచి చూసేది దానినే.