కణాంగాల కార్డులు: వైవాకు ముందు కొన్ని ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: రైబోసోమ్ చుట్టూ పొర ఉండదు కదా, దానిని కణాంగాల కార్డుల్లో చేర్చవచ్చా?
— డిగ్రీ విద్యార్థి, జగిత్యాల

జవాబు: చేర్చవచ్చు, అయితే "పొర లేని కణాంగం" అన్న మాట కార్డు మొదటి పంక్తిలోనే ఉండాలి.

ప్రశ్న: కణాంగానికి ఒకటి చొప్పున, ముందువైపు పేరు, వెనుకవైపు పని రాసుకున్న కార్డులన్నీ కంఠతా వచ్చాయి. అయినా "ఎర్ర రక్తకణంలో హీమోగ్లోబిన్‌ను ఏ కణాంగం తయారు చేస్తుంది?" అని సీనియర్లు అడిగితే నోట మాట రాలేదు. లోపం కార్డులదా, చదువుదా?
— మొదటి సెమిస్టర్ విద్యార్థిని, ఉట్నూరు

జవాబు: లోపం కార్డులదే. పేరు చూసి పని చెప్పడానికి మాత్రమే పనికివచ్చే కార్డు, కణాన్ని చూపి కణాంగాన్ని అడిగినప్పుడు మూగబోతుంది. వైవాలో అడిగేవారు ఎక్కువగా ఈ రెండో వైపు నుంచే వస్తారు. "మైటోకాండ్రియా కణశక్త్యాగారం" అని పదిసార్లు వల్లించినవారు కూడా, మైటోకాండ్రియా లేని కణం ఎలా బతుకుతుందని అడిగితే తడబడటానికి కారణం ఇదే. కాబట్టి ముందువైపు ఒక కణాన్నో ఒక లోపాన్నో ఉంచి, వెనుకవైపు కారణంతో కూడిన జవాబు రాసుకోవాలి.

అడిగిన ప్రశ్ననే తీసుకుంటే దాని నుంచి నాలుగు కార్డులు వస్తాయి. మొదటి కార్డు: ఆ ప్రశ్నలోనే ఒక ఉచ్చు ఉంది. రక్తంలో తిరిగే పరిణత ఎర్ర రక్తకణంలో కేంద్రకం, మైటోకాండ్రియా, రైబోసోమ్‌లు ఏవీ ఉండవు కనుక, అక్కడ హీమోగ్లోబిన్ తయారు కాదు. అది ఎముక మజ్జలో, ఆ కణం ఇంకా కేంద్రకంతో ఉన్న ఎరిత్రోబ్లాస్ట్ దశలోనే మొదలవుతుంది. గ్లోబిన్ అనే ప్రోటీన్ భాగాన్ని కణద్రవ్యంలోని స్వేచ్ఛా రైబోసోమ్‌లు కూర్చుతాయి. ఇనుమును పట్టుకునే హీమ్ భాగం తయారీలో మొదటి మెట్టు, చివరి మెట్టు మైటోకాండ్రియాలో జరుగుతాయి.

రెండో కార్డు: స్వేచ్ఛా రైబోసోమ్‌లే ఎందుకు? గ్లోబిన్ కణంలోనే ఉండిపోయే ప్రోటీన్ కాబట్టి. క్లోమంలోని బీటా కణం తయారుచేసే ఇన్సులిన్ బయటికి పోవాలి కనుక, అది గరుకు అంతర్జీవద్రవ్య జాలానికి, అంటే రైబోసోమ్‌లు అంటుకున్న పొరల వలకు చేరి, అక్కడి నుంచి ప్రోటీన్లను వేరుచేసి పంపే గాల్జీ సంక్లిష్టం మీదుగా రేణువుల్లో నిల్వ అవుతుంది. ఈ రెండు కణాలను పక్కపక్కన పెట్టి చదివితే మూడు కణాంగాల పనులు ఒకేసారి గుర్తుంటాయి.

మూడో కార్డు: మైటోకాండ్రియా లేని కణానికి శక్తి ఎక్కడిది? కణద్రవ్యంలో జరిగే గ్లైకాలిసిస్ నుంచి, అంటే ఆక్సిజన్ అవసరం లేకుండా గ్లూకోజ్‌ను విడగొట్టే చర్య నుంచి, గ్లూకోజ్ ఒక్కింటికి నికరంగా 2 ఏటీపీ అణువులు వస్తాయి. వాటితోనే ఆ కణం సుమారు 120 రోజులు బతుకుతుంది.

నాలుగో కార్డు ఆదిలాబాద్ ప్రాంతానికి దగ్గరిది. గోండు, కొలాం కుటుంబాల్లో కనిపించే సికిల్ సెల్ వ్యాధి ఏ కణాంగపు లోపం? ఏదీ కాదు. కేంద్రకంలోని జన్యువులో ఒక అక్షరం మారడం వల్ల బీటా గ్లోబిన్ గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ చేరుతుంది. రైబోసోమ్ తనకు అందిన సందేశాన్ని తప్పులేకుండానే చదివింది. "రైబోసోమ్ లోపం" అన్నవారు ఇక్కడే దొరికిపోతారు. సికిల్ కణాలు సాధారణంగా 10 నుంచి 20 రోజులకే నశిస్తాయి కనుక మజ్జ తొందరపడి కొత్త కణాలను పంపుతుంది. అందుకే ఆ రోగుల రక్తపరీక్షలో రెటిక్యులోసైట్లు, అంటే కేంద్రకం పోయినా రైబోసోమ్‌లు ఇంకా మిగిలి ఉన్న లేత కణాలు, ఎక్కువగా కనిపిస్తాయి. న్యూ మిథిలీన్ బ్లూ రంగు వేసినప్పుడు స్లయిడ్‌పై నీలి వలలా కనిపించేది ఆ రైబోసోమ్‌ల ఆర్‌ఎన్‌ఏనే. ఒకటి రెండు రోజుల్లో అదీ మాయమై కణం పరిణతి చెందుతుంది.

ఈ కార్డులను చూస్తూ చదవకూడదు. ముందువైపు చూసి, జవాబును పైకి పూర్తి వాక్యంలో చెప్పి, ఆ తరువాతే తిప్పాలి. "ఎందుకు" దగ్గర ఆగిపోయిన కార్డు, పేరు సరిగానే చెప్పినా, తప్పిన కార్డుల కట్టలోకే పోవాలి.

ప్రశ్న: గ్లూకోజ్ ఒక్కింటికి ఏటీపీ 36 అని ఒక పుస్తకం, 38 అని మరొకటి, 32 అని ఇంకొకటి చెబుతున్నాయి. మైటోకాండ్రియా కార్డు మీద ఏది రాయాలి?
— నర్సింగ్ విద్యార్థిని, కరీంనగర్

జవాబు: "సుమారు 30 నుంచి 32" అని రాసి, పాత లెక్కలో ఎన్‌ఏడీహెచ్ ఒక్కింటికి 3 ఏటీపీలు వస్తాయనుకున్నారని, కొలతల తరువాత అది 2.5గా మారిందని దాని కింద చేర్చాలి. ఆ కారణం చెప్పగలిగితే 36 అన్న పాత పుస్తకం పట్టుకుని అడిగేవారికి కూడా జవాబు దొరుకుతుంది.