చాయ్ మానాలా, బీడీ మానాలా?

బోయినపల్లి పాఠకురాలికి పెళ్లయి రెండేళ్లయినా కడుపు పండలేదు. అత్తగారు ఆమెను చాయ్ మానమంటున్నారు. భర్త రోజూ కట్ట బీడీలు తాగుతున్నా ఎవరూ ఏమీ అనడం లేదు. ఆమె ప్రశ్న ఇదే: తప్పెక్కడుంది?

చాయ్‌లో కాదంటారు నిపుణులు. రోజుకు 200 మిల్లీగ్రాముల లోపు కెఫీన్ గర్భానికి అడ్డని రుజువు కాలేదు. రెండు మూడు కప్పుల చాయ్ ఆ హద్దు దాటదు.

ముందు ఆపాల్సింది బీడీనే. పొగ వీర్యకణాల సంఖ్యనూ, కదలికనూ తగ్గిస్తుంది. ఇంట్లో ఆ పొగ పీల్చే భార్యకూ హానే. ఒక వీర్యకణం తయారవడానికి దాదాపు 74 రోజులు పడుతుంది. కాబట్టి బీడీ మానిన వారానికే పరీక్ష చేయించి, మార్పు లేదని మళ్లీ ముట్టించడం అన్యాయం. మూడు నెలలు ఆగి చూడాలి.

కల్లు చలువ చేస్తుందంటారు గానీ, అందులోనూ ఉన్నది ఆల్కహాలే. అతిగా తాగితే పురుష హార్మోన్ పడిపోతుంది. అప్పుడప్పుడు తాగే మగవారికి ఎంత నష్టమో మాత్రం కచ్చితంగా తేలలేదు. గర్భం కోసం చూస్తున్న భార్య పూర్తిగా దూరంగా ఉండడమే క్షేమం.

ఇక బరువు. 80 కిలోలుండి నెలసరి తప్పుతున్న స్త్రీ నాలుగు నుంచి ఎనిమిది కిలోలు తగ్గితే అండం విడుదల గాడిలో పడే అవకాశం ఉంది. భర్త అధిక బరువూ వీర్యంపై ప్రభావం చూపవచ్చు. అలాగని సన్నబడితేనే పిల్లలు పుడతారనడం అతి.

ఏడాది దాటింది కనుక ఇద్దరూ ఒకేసారి పరీక్షలకు వెళ్లాలి. వీర్య పరీక్షకు ముందు రెండు నుంచి ఏడు రోజులు కలయికకు దూరంగా ఉండాలి.